కోట అంటే తోట రాసేవాడు

మూడో తరగతిలో మా వాడి డిక్టేషన్ పుస్తకం చూసి మొదట నవ్వుకున్నాను. టీచరుగారు ‘కోట’ అంటే ‘తోట’, ‘పలక’ అంటే ‘చిలక’. అవే మాటలు ఇంట్లో చెబితే ఒక్క తప్పు లేదు.

బడి అమలాపురం దగ్గర కాలవ గట్టు రోడ్డు పక్కనే. రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, నలభై మంది పిల్లలు. వానొచ్చిందంటే నాకే ఏమీ వినపడదు.

చెవి పరీక్ష చేయించాం. రెండు చెవులూ 15 డెసిబెల్స్ లోపే, అంటే మామూలే. ‘‘అయితే పెంకితనమేనండి’’ అన్నారు టీచరుగారు. మా అత్తయ్యగారు ‘‘మగపిల్లలంతే’’ అని తేల్చేశారు.

ఆర్నెల్ల తర్వాత కాకినాడలో ఒక ఆడియాలజిస్ట్ అడిగిన ప్రశ్నతో నాకు వెలిగింది: ‘‘మిక్సీ తిరుగుతుంటే చెప్పిన పని సరిగ్గా చేస్తాడామ్మా?’’ చెయ్యడు. ‘‘ఆఁ?’’ అంటాడు. మామూలు పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎంత చిన్న చప్పుడు వినపడుతుందో చెబుతుందట, చప్పుళ్ల మధ్య నుంచి మాటను ఏరుకోగలడో లేదో చెప్పదట. అచ్చులు గట్టిగా పలుకుతాయి, హల్లులు పొట్టిగా, బలహీనంగా ఉంటాయి. ఫ్యాన్ హోరు ముందు హల్లునే మింగేస్తుంది. ‘కోట’లో వాడికి మిగిలేది ‘ఓట’. కథలోనైతే సందర్భాన్ని బట్టి పూరించుకోవచ్చు, విడి మాటకు ఆ ఆసరా లేదు.

ధ్యాస, భాష తేడాలు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయని ముందు అవి చూపించమన్నారు. ఏడేళ్లలోపు ఫలితాలను నమ్మలేమన్నారు కూడా. మా వాడికి ఎనిమిది నిండాయి. నిశ్శబ్దంలో 25 మాటలకు 24 చెప్పాడు, వెనక చప్పుడు కలిపితే 11. తర్వాత రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు అంకెలు వినిపిస్తే కుడివైపువి చెప్పి, ఎడమవైపువి చాలావరకు వదిలేశాడు. ఆడిటరీ ప్రాసెసింగ్ ఇబ్బంది అని రాశారు, అంటే చెవికి వినపడినదాన్ని మెదడు సరిగ్గా విడదీసుకోలేకపోవడం. ఈ పేరు మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదనీ, పేరు పట్టుకుని కూర్చోవద్దనీ చెప్పారు.

ముందు బెంచీ మొదటి వారం పని చేసింది. కానీ టీచరుగారు ఒకచోట నిలబడరు కదా! దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాన్ మాత్రం తగ్గదు. అందుకే ఇప్పుడు ఆవిడ చీర అంచుకి చిన్న మైకు, వీడి చెవికి రిసీవరు. గదిలో ఎక్కడున్నా ఆ గొంతు పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. పేజీ నంబరు బోర్డు మీద రాయమని కూడా అడిగాను, దానికి ఖర్చేమీ లేదు.

తోటి పిల్లలు చెప్పే జవాబులు మాత్రం మైకులోకి రావు. టీచరుగారు వాటిని తిరిగి చెబితే సరే, మరిచిపోతే వాడికి పోయినట్టే. ఇంకో తంటా: ఒకరోజు ఆవిడ మైకు ఆపకుండా స్టాఫ్ రూముకి వెళ్లారు. సాయంత్రం మా వాడు వచ్చి, ‘‘అమ్మా, హెడ్మాస్టారికి పులస తినాలనుందట’’ అన్నాడు.