గుప్పిట దాటిన బొటనవేలు

నా ఎత్తు 191 సెంటీమీటర్లు. చెన్నైలో, పెరంబూరులో పెరిగాను. ఎదిగే వయసులో నన్ను బాస్కెట్‌బాల్ ఆడమన్నవాళ్లే అందరూ. డాక్టరుకు చూపించమన్నవాళ్లు ఒక్కరూ లేరు. 29 ఏళ్ల వయసులో జ్వరమొచ్చి వెళితే, నాడి పట్టుకున్న డాక్టరమ్మ చేయి వదలకుండా నా వేళ్లనే చూస్తూ ఉండిపోయారు.

"బొటనవేలు లోపల పెట్టి గుప్పిట మూయండి" అన్నారు. మూశాను. బొటనవేలి గోరు చిటికెనవేలి వైపు నుంచి పూర్తిగా బయటికి వచ్చింది. తర్వాత రెండో చేతి మణికట్టును బొటనవేలితో, చిటికెనవేలితో చుట్టమన్నారు. బొటనవేలు చిటికెనవేలి గోరును మొత్తం కప్పేసింది. చేతులు చాపించి కొలిస్తే 202 సెంటీమీటర్లు. ఎత్తుకు 1.05 రెట్లు దాటితే అది లెక్కలోకి వస్తుందట. కాళ్లు మొండెం కంటే బాగా పొడుగని కూడా కొలిచి చూశారు. ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము ఎముక, చదునైన పాదాలు కూడా రాసుకున్నారు.

వీటిలో ఏ ఒక్కటీ జబ్బు కాదు. పొడుగ్గా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఒకటో రెండో కనిపిస్తాయి. అందుకే డాక్టర్లు కలిపి లెక్కిస్తారు: మణికట్టు, బొటనవేలు రెండింటికీ కలిపి 3, రొమ్ముకు 2, పాదాలకు 1, చేతుల చాపుకూ కాళ్ల పొడవుకూ కలిపి 1. మొత్తం 7. అయినా ఆ 7 ఒక్కటే సరిపోదు. ఇంట్లో ఎవరికీ ఉన్నట్టు తెలియనప్పుడు, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదలు కూడా ఉబ్బి ఉంటేనే మార్ఫన్ సిండ్రోమ్ అనే జన్యుపరమైన జబ్బు అని తేలుతుంది. కంటి కటకం పక్కకు జరిగినా అనుమానం బలపడేదే, కానీ నాకది సరిగ్గానే ఉంది. కొండనాలుక రెండుగా చీలి ఉందేమోనని కూడా చూశారు. అలా ఉంటే ఇలాంటిదే మరో జబ్బును అనుమానించాలట.

ఎకో అనే గుండె స్కానులో ధమని మొదలు 5.1 సెంటీమీటర్లకు ఉబ్బి ఉంది. ఫైబ్రిల్లిన్ అనే ప్రోటీన్ లోపించి ధమని గోడ బలహీనపడుతుంది. నాకు నొప్పి లేదు, ఆయాసమూ లేదు. గోడ చీలే రోజు వరకూ అలాగే ఉండొచ్చని తెలిసినప్పుడు ఒళ్లు చల్లబడింది.

నా కవాటాన్ని ఉంచి, ఉబ్బిన భాగం తీసేసి డాక్రాన్ అనే కృత్రిమ బట్టతో చేసిన గొట్టం కుట్టారు. ఆపరేషన్ కంటే తర్వాతి వారాలే కష్టం. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకోవాలి, రొమ్ము ఎముక అతికేదాకా నీళ్ల బకెట్టు కూడా ఎత్తకూడదు. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తున్నాను. ధమని మీద ఒత్తిడి తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర రోజూ వేసుకుంటాను, బరువులు జీవితంలో ఎత్తను. మిగిలిన ధమనికీ ఇదే స్వభావం కాబట్టి స్కానులు ఆగవు.

జన్యు పరీక్షలో, ఫైబ్రిల్లిన్ తయారుచేసే ఎఫ్‌బీఎన్1 జన్యువులో లోపం బయటపడ్డాక అమ్మకూ, నాన్నకూ, చెల్లికీ చేయించాం. నాన్నకు ఉంది, ధమని మాత్రం కొద్దిగానే ఉబ్బింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. చెల్లి ఎత్తు సాధారణమే, బొటనవేలు గుప్పిట దాటదు. అయినా తనకూ అదే లోపం ఉందని తేలింది. ధమని ఇంకా మామూలుగానే ఉంది. ఏటా ఎకో తీయించుకుంటోంది. పెళ్లి మాటలు నడుస్తున్నాయి గనుక, గర్భం దాల్చే ముందు ధమని కొలత చూడాలని డాక్టరమ్మ అమ్మకు విడిగా చెప్పారు.