కూత లేని కోరింత దగ్గు

మా పాప 2022 నవంబరులో, నెలలు నిండాకే, 3 కిలోల బరువుతో పుట్టింది. కాన్పుకు నేను మలక్‌పేటలోని పుట్టింటికి వచ్చాను. 21వ రోజున బారసాల జరిగింది. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు దానికి రెండు రోజుల ముందే వచ్చాడు, వచ్చేసరికే వాడికి పది రోజులుగా దగ్గు ఉంది. పగలంతా మామూలుగానే తిరిగేవాడు, రాత్రి భోజనం చేశాక మాత్రం ఊపిరి తిప్పుకోకుండా దగ్గి దగ్గి, తిన్నదంతా కక్కుకునేవాడు. అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. జ్వరం లేదు కదా, వాతావరణం మారి వచ్చిన దగ్గే అనుకుని అందరం ఊరుకున్నాం. పాపను ఒళ్లో పెట్టుకుని ఆడించింది అందరికంటే ఎక్కువగా వాడే.

30వ రోజున పాప ముక్కు కొద్దిగా కారడం మొదలైంది, అప్పుడప్పుడూ ఒకటి రెండు తుమ్ములు, పొడి దగ్గు. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి ధూపం పడలేదేమోనని అమ్మ ఆ రోజు నుంచి ధూపం మానేసింది. మరునాడు దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన ఛాతీ విని, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని చెప్పి, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు రాసి పంపారు. ఆయన పొరబడ్డారని నేను ఇప్పటికీ అనుకోను. ఈ జబ్బు మొదటి దశలో అచ్చం జలుబులాగే ఉంటుంది, దగ్గు తెరకూ తెరకూ మధ్య చూస్తే బిడ్డలో ఏ లోపమూ కనిపించదు. పెద్ద పిల్లల్లో ఆ దశ ఒకటి రెండు వారాలు సాగుతుంది కానీ, నెలల పిల్లల్లో చాలా తక్కువ రోజుల్లోనే ముగుస్తుంది. మా పాపకు అది మూడు రోజులే ఉంది.

33వ రోజు రాత్రి రెండు గంటలప్పుడు పాలు తాగుతూ తాగుతూ పాప రొమ్ము వదిలేసింది. చిన్న చిన్న దగ్గులు, ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో గాలి పీల్చుకునే వ్యవధి లేకుండా వచ్చాయి. ముఖం కందిపోయింది. దగ్గు ఆగింది, ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి, నా చేతిలో బిగుసుకున్న పిడికిలి మెల్లగా విడిపోయి చెయ్యి వాలిపోయింది. అమ్మ అరికాళ్లు రుద్దింది, నేను వీపు రుద్దాను. పది పదిహేను సెకన్లే అయి ఉంటుంది. సన్నగా మూలిగి ఊపిరి తీసుకుంది, రంగు తిరిగి వచ్చింది, ఆ వెంటనే అలసిపోయి నిద్రలోకి జారుకుంది. తెల్లవారేలోగా మరో రెండుసార్లు అలాగే జరిగింది. మూడోసారి మావారు ఫోనులో వీడియో తీశారు. ఆ సమయంలో వీడియో ఏమిటని నాకు కోపం వచ్చింది కానీ, రోగ నిర్ధారణకు దారి చూపింది ఆ వీడియోనే.

ఆసుపత్రికి చేరేసరికి పాప హాయిగా నిద్రపోతోంది. ఆక్సిజన్ శాతం 98, జ్వరం లేదు, ఎక్స్‌రే దాదాపు శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ వీడియోను రెండుసార్లు చూసి, "ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉందా అమ్మా?" అని అడిగారు. తమ్ముడి సంగతి చెప్పాను. ఆమె కోరింత దగ్గు కావచ్చన్నప్పుడు నేను ఒప్పుకోలేకపోయాను. కోరింత దగ్గు అంటే దగ్గు తెర చివర గాలి లోపలికి లాగేటప్పుడు పెద్దగా కూత వస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా, మా పాప కూయలేదు. దానికి ఆమె ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. ఇరుకైన స్వరపేటిక గుండా గాలిని బలంగా లాగితేనే కూత పుడుతుంది, అంత బలం నెలల బిడ్డకు ఉండదు. కాబట్టి కూతకు బదులు ఊపిరే ఆగిపోతుంది. కొందరు పసికందుల్లో దగ్గు కూడా సరిగా వినిపించదు, ఊపిరి ఆగి నీలంగా మారడమే మొదటి లక్షణం అవుతుంది.

ముక్కు వెనుక భాగం నుంచి సన్నని పుల్లతో నమూనా తీసి పీసీఆర్ పరీక్షకు పంపారు. దాని ఫలితం రాకముందే రక్తపరీక్ష చాలావరకు చెప్పేసింది. తెల్ల రక్తకణాలు 32,000 ఉన్నాయి, వాటిలో అధిక భాగం లింఫోసైట్లు. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే ఈ బ్యాక్టీరియా విడుదల చేసే విషం లింఫోసైట్లను రక్తనాళాలు దాటి బయటకు పోనివ్వదు, అందుకే అవి రక్తంలోనే పేరుకుపోతాయి. ఆ సంఖ్య మరీ పెరిగితే ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో కణాలు కిక్కిరిసి, అక్కడి పీడనం పెరిగి గుండె మీద భారం పడుతుంది. పసిపిల్లలను ఈ జబ్బు బలిగొనే ప్రధాన మార్గాల్లో అది ఒకటి. అందువల్ల రోజూ రక్తం తీసి లెక్క చూశారు. మూడో రోజున 41,000కు చేరింది, ఆ తర్వాత దిగడం మొదలైంది. ఆ మూడు రోజులు నేను మానిటర్ మీది అంకెలు తప్ప మరేదీ చూడలేదు.

పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అజిత్రోమైసిన్ మొదలుపెట్టారు, కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి, ఐదు రోజులు. మందు వేశాక దగ్గు తగ్గుతుందని ఆశపడ్డాను. ఐదు రోజులు పూర్తయినా తెరలు తెరలుగా వస్తూనే ఉంది. మందు బ్యాక్టీరియాను చంపుతుంది, బిడ్డ నుంచి ఇతరులకు సోకకుండా ఆపుతుంది, కానీ అప్పటికే శ్వాసనాళాల లోపలి పొరకు, కళ్లెను పైకి తోసే సన్నని నూగుకు జరిగిన నష్టాన్ని సరిచేయలేదు. ఆ పొర తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. జలుబు దశలోనే మందు వేసి ఉంటే ఉధృతి తగ్గేదేమో, తెరల దశ మొదలయ్యాక వేస్తే ఆ మేలు స్వల్పమే. ఇక మిగిలిన వైద్యమంతా కాపలా కాయడమే. ముక్కుకు ఆక్సిజన్, గొట్టం ద్వారా కొద్దికొద్దిగా పాలు, ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపే నర్సు. పాపను ఊరికే కదిలించినా, సూది గుచ్చినా, ఏడ్చినా తెర వచ్చేది, అందుకని గదిలో దీపాలు తగ్గించి, చేయవలసిన పనులన్నీ ఒకేసారి చేసి వదిలేసేవారు.

తొమ్మిది రోజులు ఐసీయూలో, మరో ఏడు రోజులు వార్డులో గడిచాయి. పీసీఆర్ ఫలితం కోరింత దగ్గు అనే వచ్చింది. ఇంటిల్లిపాదికీ అదే మందు ఇచ్చారు. తమ్ముడికి పరీక్ష చేయలేదు, దగ్గు మొదలై నెల దాటాక బ్యాక్టీరియా దొరకడం అరుదట. కాబట్టి వాడి నుంచే వచ్చిందని ఖాయంగా చెప్పలేను, వాడు మాత్రం తనవల్లే అని కుమిలిపోయాడు. ఇంటికి వచ్చాక కూడా దగ్గు దాదాపు మూడు నెలలు ఉంది, తెరకూ తెరకూ మధ్య వ్యవధి పెరుగుతూ పోయింది. నాలుగో నెలలో మామూలు జలుబు చేసినప్పుడు మళ్లీ తెరలు రావడంతో గుండె ఆగినంత పనైంది. కోలుకునే దశలో అలా జరగడం మామూలేనని, అది కొత్తగా సోకినది కాదని డాక్టరమ్మ చెప్పారు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే 42వ రోజు వచ్చి పోయింది. కోరింత దగ్గు నుంచి కూడా కాపాడే పెంటావలెంట్ టీకా మొదటి మోతాదు, ఆరు వారాలకు వేయించవలసినది, ఆ రోజే పడాలి. ఆ మోతాదు వేసినా వెంటనే పూర్తి రక్షణ రాదు, 10, 14 వారాల మోతాదులు కూడా పడాలి. మరి పుట్టిన రోజు నుంచి అప్పటిదాకా బిడ్డకు ఉండే కాపు ఏమిటని అడిగితే, డాక్టరమ్మ నా గర్భిణి కార్డు తెమ్మన్నారు. అందులో రెండు తేదీలున్నాయి. మా ఇంట్లో అందరం వాటిని టీటీ ఇంజెక్షన్లు అనే అంటాం. ఆమె ఆ గడి మీద వేలు పెట్టి, "ఇది టీడీ. ధనుర్వాతానికి, కంఠసర్పికి. కోరింత దగ్గుకు ఇందులో ఏమీ లేదు" అన్నారు. కోరింత దగ్గును కూడా కలిపినది టీడ్యాప్ అనే వేరే టీకా. నేను చూపించుకున్న చోట దాని మాట ఎవరూ ఎత్తలేదు. అన్ని ఇంజెక్షన్లూ వేయించుకున్నాననే ధీమాతో నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

చిన్నప్పుడు నేను వేయించుకున్న టీకా చాలదా అని కూడా అడిగాను. ఆ రక్షణ కొన్నేళ్లలో సన్నగిల్లిపోతుంది, బిడ్డకు పంచి ఇచ్చేంత ప్రతిరక్షకాలు తల్లి రక్తంలో మిగలవు. గర్భంలో ఉండగా టీకా వేస్తే సుమారు రెండు వారాల్లో తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు బాగా పెరుగుతాయి, మాయ వాటిని పట్టి బిడ్డ రక్తంలోకి చేరవేస్తుంది. ఈ చేరవేత చివరి మూడు నెలల్లోనే జోరుగా సాగుతుంది. 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోవాలని, అందులోనూ ముందు వారాలే మేలని చెప్పడానికి కారణం అదే. కాన్పు అయ్యాక వేసుకుంటే తల్లికి జబ్బు రాకుండా ఉంటుందేమో కానీ, మాయ దారి అప్పటికే మూసుకుపోయింది. బ్రిటన్‌లో 2012లో ఈ జబ్బు విజృంభించి పసికందులు చనిపోతుంటే, ఆ అక్టోబరు నుంచి గర్భిణులకు టీకా వేయడం మొదలుపెట్టారు. తల్లి కాన్పుకు ముందే టీకా వేయించుకుంటే 3 నెలల లోపు పిల్లల్లో సుమారు 90 శాతం రక్షణ ఉన్నట్టు అక్కడి లెక్కల్లో తేలింది. నూటికి నూరు కాదు, ఆ మిగిలిన పది కోసం దగ్గుతున్నవారిని బిడ్డకు దూరంగా ఉంచవలసిందే.

2025లో రెండోసారి గర్భం దాల్చినప్పుడు 28వ వారంలో, డాక్టరమ్మ సలహా మీద, రెండో టీడీకి బదులుగా టీడ్యాప్ వేయించుకున్నాను. ఇది ప్రతి గర్భంలోనూ వేయించుకోవలసిందే, ఎందుకంటే ఒక కాన్పులో పెరిగిన ప్రతిరక్షకాలు మరో కాన్పు దాకా నిలవవు. చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది, అంతే. అమ్మా, తమ్ముడూ కూడా అదే నెలలో వేయించుకున్నారు. నా కొత్త కార్డులోనూ టీడీ గడులే అచ్చయి ఉన్నాయి. నర్సు రెండో గడిలో టీడీ అన్న అచ్చు మాటను కొట్టివేసి, పక్కన నీలం సిరాతో టీడ్యాప్ అని రాసి తేదీ వేసింది. బాబు పుట్టిన 21వ రోజున తమ్ముడు వచ్చి, గడప దగ్గరే నిలబడి, తనకు దగ్గు లేదని రెండుసార్లు చెప్పాకే లోపలికి వచ్చి వాణ్ణి ఎత్తుకున్నాడు.