వేలి మిషన్ 98 చూపించింది

జడ్చర్ల దగ్గర మాకు చిన్న కోళ్ల ఫారం ఉంది. చలికాలంలో పిల్లలు దిగితే మొదటి వారం పది రోజులు షెడ్డు వెచ్చగా ఉండాలి. బల్బుల వేడి చాలదని మా వైపు బొగ్గుల పొయ్యిలు పెట్టి, చుట్టూ పరదాలు దించుతారు. డిసెంబరులో ఒక రాత్రి ఈదురుగాలికి పనిపిల్లగాడు పైన వదిలే సందు కూడా మూసేశాడు. పొగ లేదు, వాసన లేదు. తెల్లవారుజామున దాణా పోస్తుంటే కణతలు బిగుసుకుపోయి, కడుపులో తిప్పింది. లేవబోతే కాళ్లలో సత్తువ లేదు. మా మరిది "వదినా, ఏమైంది?" అంటూ బయటికి లాక్కొచ్చింది లీలగా గుర్తుంది.

దగ్గరున్న క్లినిక్‌లో వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ 98 వచ్చింది. బీపీ బాగుంది. గ్యాస్ పట్టిందని ఇంజక్షన్ వేసి పంపారు. తలనొప్పి తగ్గకపోతే మహబూబ్‌నగర్ తీసుకెళ్లారు. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే: "మీతో ఉన్నోళ్లలో ఇంకెవరికన్నా తలనొప్పి ఉందా?" పనిపిల్లగాడు కూడా వాంతులు చేసుకున్నాడని మరిది చెప్పగానే "బొగ్గులు పెట్టిండ్రా?" అన్నది. రక్తం తీసి, రిపోర్టు కోసం చూడకుండానే సంచీ ఉన్న మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టింది. కో-ఆక్సీమీటర్ పరీక్షలో నా హిమోగ్లోబిన్‌లో 27 శాతం కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని ఉందని తేలింది. షెడ్డు నుంచి బయటపడి అప్పటికే రెండు గంటలు దాటింది కాబట్టి, లోపల ఉన్నప్పుడు 35 చుట్టూ ఉండి ఉంటుందన్నది.

మరి 98 ఎట్లా వచ్చింది? వేలి మిషన్ ఎర్ర కాంతి, కంటికి కనబడని పరారుణ కాంతి పంపి రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఆక్సిజన్ ఉన్నదానిలాగే వదులుతుంది. ఆ మామూలు మిషన్‌కు రెండింటికీ తేడా తెలియదు.

బీజెడ్‌సీ చదివిన దాన్ని కాబట్టి కోలుకున్నాక ఇది పూర్తిగా తెలుసుకోవాలనిపించింది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులుంటాయి. ఆక్సిజన్ కూర్చునేదీ, ఈ విషవాయువు కూర్చునేదీ ఆ ఇనుము మీదనే. కార్బన్ తన ఎలక్ట్రాన్ జంటను ఇనుముకు ఇస్తుంది, ఇనుము తిరిగి తన ఎలక్ట్రాన్లను దానికి ఇస్తుంది. రెండు వైపుల నుంచీ పడిన ముడి అది. రావడంలో ఇది ఆక్సిజన్ కంటే వేగమేమీ కాదు, పోవడంలోనే ఆలస్యమంతా. ఆక్సిజన్ సెకను తిరగకముందే ఇనుమును వదిలేస్తే, దీనికి నిమిషం పైగా పడుతుంది. అందుకే దీని పట్టు 200 రెట్ల పైన. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అందులో 0.1 శాతం కార్బన్ మోనాక్సైడ్ కలిసినా, గంటల తరబడి పీల్చిన మనిషి హిమోగ్లోబిన్‌లో దాదాపు సగం దాని చేతిలోకి పోతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. మా ఊళ్లో రక్తహీనతతో హిమోగ్లోబిన్ 8 ఉన్న ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. నాకు 12 ఉంటుంది. అందులో మూడో వంతు పోతే మిగిలేది ఆ 8 కదా, నేనెందుకు కూలబడ్డాను? జవాబు మిగిలిన హిమోగ్లోబిన్‌లో ఉంది. మామూలుగా కండరం దగ్గరికి వచ్చాక ఒక ఆక్సిజన్ దిగితే అణువు ఆకారం మారి, మిగతావి దిగడం సులువవుతుంది. ఒకటి రెండు చోట్ల కార్బన్ మోనాక్సైడ్ కూర్చుంటే అణువు బిగువైన పట్టు ఉన్న ఆకారంలోనే ఉండిపోతుంది. పక్కన ఉన్న ఆక్సిజన్ కూడా అవసరమైన చోట దిగదు. రక్తహీనతలో మోసేది తక్కువైనా, మోసినది ఇస్తుంది. నా రక్తం తక్కువ మోసింది, మోసినదాన్ని కూడా సరిగా ఇవ్వలేదు. ముందుగా దెబ్బ తగిలేది మెదడుకూ గుండెకూ. అందుకే ఈసీజీ కూడా తీశారు.

మాస్కు పని చేసేది కూడా ఆ ముడి దగ్గరే. కార్బన్ మోనాక్సైడ్ ఇనుమును వదిలిన ఆ కాస్త సమయంలో చుట్టూ ఆక్సిజన్ దండిగా ఉంటే ఆ చోటు ఆక్సిజన్‌కు దక్కుతుంది, లేకుంటే అదే మళ్లీ అతుక్కుంటుంది. మామూలు గాలిలో సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, పూర్తి ఆక్సిజన్‌తో గంట, గంటన్నర చాలు. నాకు 27 ఉన్నది 13 చుట్టూకు, ఆ తర్వాత 7కు, సాయంత్రానికి 3కు దిగింది. పనిపిల్లగాణ్నీ పిలిపించి పక్క మంచం మీదే మాస్కు పెట్టారు.

రక్తం శుభ్రపడినా కథ అయిపోలేదన్నది డాక్టరమ్మ. కొందరికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, చిరాకు, నడక తడబడటం మొదలవుతాయట. అందుకని నెల తర్వాత రమ్మని, గీత మీద నడిపించి, వందలో నుంచి ఏడు ఏడు తీసేస్తూ లెక్క చెప్పమన్నది. తప్పు లేకుండా చెప్పాను. పనిపిల్లగాడు మాత్రం రెండు చోట్ల తడబడ్డాడు. వాణ్ని మళ్లీ వచ్చే నెల తీసుకురమ్మన్నది.