ఫ్రిజ్ వెనక పలకకి మంచు: హీటరా, బైమెటలా, టైమరా?

ఫ్రిజ్ మా మేనత్త వాళ్లది, పర్లాకిమిడిలో. పాత డబుల్ డోర్, నో ఫ్రాస్ట్ రకం. బోర్డు, డిస్‌ప్లే ఏమీ లేవు. మంచు కరిగించే పనంతా చిన్న మోటారుతో తిరిగే టైమర్ మీదే నడుస్తుంది. ఇలాంటివి బాగుచేయడం నాకు సెలవురోజు సరదా. ఈసారి కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఇదే లక్షణం చూసి గ్యాస్ నింపించుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి మరి.

శనివారం సాయంత్రం

అత్తయ్య చెప్పింది ఇది: "పైన ఐస్ కడుతోంది రా, కింద పాలు మాత్రం పొద్దుటికి విరిగిపోతున్నాయి." ఈ ఒక్క మాటలోనే సగం సమాధానం ఉంది. ఈ రకం ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కూలింగ్ కాయిల్ దగ్గర. అక్కడి చల్లగాలిని ఫ్యాన్ కొంత ఫ్రీజర్‌లోకి, కొంత గొట్టం గుండా కింద అరలకి తోస్తుంది. కాయిల్ రేకుల మధ్య మంచు నిండిపోతే గాలికి దారి ఉండదు. ముందు దెబ్బ తినేది కింది భాగం. ఫ్రీజర్ ఇంకొన్ని రోజులు లాక్కొస్తుంది.

పలక మీద వేలితో గీస్తే గరుకుగా, తెల్లగా మంచు. ఫ్యాన్ దగ్గర చెవి పెడితే రెక్క ఏదో మంచుకి రాసుకుంటున్న చప్పుడు. తలుపు రబ్బరు చూశాను. కాగితం పెట్టి మూసి లాగితే నాలుగు వైపులా బిగువుగానే ఉంది.

ఇంతకుముందు వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడట. పలక విప్పకుండా ఆ మాట చెప్పడం నాకు నచ్చలేదు. గ్యాస్ తగ్గితే కాయిల్ మొత్తం చల్లబడదు, గ్యాస్ లోపలికొచ్చే మొదటి ఒకటి రెండు వరసల మీదే మంచు ఉండి మిగతాది ఖాళీగా ఉంటుంది. కాయిల్ పైనుంచి కిందదాకా ఒకేలా మంచుతో మూసుకుపోయి ఉంటే గ్యాస్ సంగతి బాగానే ఉంది, మంచు కరగడం లేదన్నమాట. కాయిల్ మామూలుగా ఉండి, అడుగున మాత్రం గాజు పలకలా గట్టి ఐస్ ఉంటే నీళ్లు పోయే కన్నం మూసుకుపోయింది.

ఆదివారం ఉదయం

మంచు కరిగించేయకుండానే మొదటి పరీక్ష చేయాలి. మంచు కరిగించే ఈ డీఫ్రాస్ట్ దారిలో నాలుగు వస్తువులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి: టైమర్, బైమెటల్ (మెకానిక్‌లు సెన్సర్ అనేది దీన్నే), థర్మల్ ఫ్యూజు, హీటర్. బైమెటల్ బాగా చల్లబడ్డప్పుడే కలుస్తుంది, అప్పుడే హీటర్‌కి కరెంటు వెళ్తుంది. మంచు కరిగి కాయిల్ వెచ్చబడగానే విడిపోతుంది. కాబట్టి మంచు ఉన్నప్పుడే వీటిని పనిచేయించి చూడాలి.

మా దాంట్లో టైమర్ కింది అరలో, థర్మోస్టాట్ డబ్బా లోపల ఉంది. కొన్నింట్లో వెనక కంప్రెసర్ పక్కన ఉంటుంది. టైమర్ ఇరుసు మీద స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది. ఆ గాడి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, థర్మోస్టాట్ ఎక్కువలో ఉంచి వదిలేశాను. కంప్రెసర్ తిరిగిన రెండు మూడు గంటల్లో గాడి గీతకి దూరంగా జరిగింది. టైమర్ మోటారు బతికే ఉంది. ఈ టైమర్లు చాలావరకు థర్మోస్టాట్ కంప్రెసర్‌ని ఆపితే తామూ ఆగిపోతాయి, అందుకే కంప్రెసర్ తిరిగిన సమయాన్నే లెక్కేసుకోవాలి. కరెంటు పోయినా అంతే, ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మళ్లీ మొదలవుతుంది.

తర్వాత గాడిని సవ్యదిశలో మెల్లగా తిప్పాను. వెనక్కి తిప్పితే లోపల పళ్లు విరుగుతాయి. టక్‌మని చప్పుడు, కంప్రెసర్ ఆగింది. అంటే టైమర్ డీఫ్రాస్ట్‌కి మారింది. ఇక్కణ్నుంచి హీటర్ వెలగాలి. వెలుగుతోందా లేదా అన్నది పలక విప్పకుండా తెలుసుకోవడానికి ఇంటి కరెంటు మీటర్ చాలు. మీటర్ మీద కిలోవాట్ అవర్‌కి 3200 పల్సులు అని రాసి ఉంది, అంటే ఒక యూనిట్ కాలేలోపు దాని ఎర్ర లైటు అన్నిసార్లు మెరుస్తుంది. హీటర్ 150 వాట్లది అనుకుంటే గంటకి 480 పల్సులు, నిమిషానికి ఎనిమిది. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఇన్వర్టర్, టీవీ బాక్సు అన్నీ ఆపించి, ఫ్రిజ్ తలుపులు మూసి, ఎర్ర లైటు చూస్తూ నిలబడ్డాను. నిమిషాలు గడిచినా అది మెరవలేదు. టైమర్ మారింది గానీ హీటర్‌కి కరెంటు వెళ్లడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం

ప్లగ్ తీసేశాను. అది తీయకుండా ఇంకేమీ ముట్టుకోకూడదు, ఇక్కడ పనంతా నీళ్లతో. గిన్నెలో వేడినీళ్లు ఫ్రీజర్‌లో పెట్టి తలుపు దగ్గరికి వేస్తే పలక అంచులు వదులయ్యాయి. స్క్రూలు విప్పి పలక లాగితే కాయిల్ కనిపించలేదు, దాని స్థానంలో తెల్లటి దిమ్మ ఉంది. పైనా కిందా ఒకే మందం. గ్యాస్ అనుమానం అక్కడితో తీరిపోయింది.

ఆ దిమ్మని కత్తితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ పొడవకండి. అల్యూమినియం గొట్టానికి చిన్న గాటు పడినా రిపేరు ఖర్చు పదింతలవుతుంది. కొత్త ఫ్రిజ్‌ల్లో వాడే ఆర్-600ఎ గ్యాస్ అయితే మండుతుంది కూడా. తలుపులు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టి, వేడినీళ్ల గిన్నెలు మార్చుతూ ఉంటే సాయంత్రానికి కరిగింది. వెనక కంప్రెసర్ మీది ట్రే పొంగుతుంది, గుడ్డలు సిద్ధంగా పెట్టుకోవాలి.

హీటర్ కాయిల్ అడుగున గాజు గొట్టంలో ఉంది. గొట్టం పగల్లేదు, నల్లబడలేదు. కనెక్టర్ విప్పి మల్టీమీటర్ పెడితే 350 ఓములు చూపించింది. 230ని 230తో గుణించి 350తో భాగిస్తే 151 వాట్లు, అంచనాకి సరిపోయింది. హీటర్ తీగ తెగితే మీటర్ ఏమీ చూపించదు. హీటర్ వైరుకీ ఫ్రిజ్ ఎర్త్‌కీ మధ్య కూడా చూశాను, లీకేజి లేదు. థర్మల్ ఫ్యూజు సున్నా ఓములు. ఫ్యూజు చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా ఎప్పుడూ కలిసే ఉండాలి.

మిగిలింది బైమెటల్. మీటర్ పెడితే విడిపోయి ఉంది. చాలామంది ఇక్కడే ఇది పోయిందని పారేస్తారు. కానీ గది వేడిలో బాగున్న బైమెటల్ కూడా విడిపోయే ఉంటుంది, దాని పనే అది. చాలా రకాలు సున్నాకి ఐదారు డిగ్రీలు కిందకి వెళ్తేనే కలుస్తాయి, పది పన్నెండు డిగ్రీలకి విడిపోతాయి. ఐస్ నీళ్లలో ముంచినా సరిపోదు, ఆ నీళ్లు సున్నా దగ్గరే ఆగిపోతాయి. మూడు వంతులు నలగ్గొట్టిన ఐస్‌కి ఒక వంతు రాళ్ల ఉప్పు కలిపితే సున్నాకి పది డిగ్రీల కిందకి సులువుగా దిగుతుంది. వైర్లు కత్తిరించి, బైమెటల్‌ని పాలిథిన్ కవర్లో కట్టి, వైర్ల కొసలు బయటికి ఉంచి అందులో పాతిపెట్టాను. పది నిమిషాలు, పావుగంట, ఇంకాసేపు. కలవలేదు. బయటికి తీసి వెలుతురులో చూస్తే వెనక మూత కొంచెం ఉబ్బి, అంచున సన్నటి చీలిక. లోపలికి నీరు దిగి, మంచుగా మారుతూ దాన్ని చీల్చేసింది.

బుధవారం

శ్రీకాకుళంలో పని ఉంటే పాతది జేబులో వేసుకుని వెళ్లాను. స్పేర్ల షాపాయన దాన్ని చూసి, "దీనికెందుకు బాబూ డబ్బు, రెండు వైర్లూ కలిపేయండి, డైరెక్ట్‌గా నడుస్తుంది" అన్నాడు. నడుస్తుంది, నిజమే. కానీ మంచు కరిగిపోయాక కూడా టైమర్ తిరిగి మారేదాకా హీటర్ కాలుతూనే ఉంటుంది. రోజూ ఒకటి రెండు సార్లు లోపలి ప్లాస్టిక్ వేడెక్కుతుంది, మధ్యలో అడ్డు థర్మల్ ఫ్యూజు ఒక్కటే. నేను కొత్తది అడిగాను, రెండొందల లోపే అయింది.

కొత్తదాన్ని కూడా బిగించే ముందు అదే ఉప్పు ఐస్‌లో పెట్టాను. కాసేపట్లో సన్నగా టిక్‌మని మీటర్ సున్నాకి వచ్చింది. తీసి గుప్పిట్లో పట్టుకుంటే మళ్లీ విడిపోయింది. పాతది ఏ గొట్టానికి, ఏ ఎత్తులో పట్టి ఉందో అక్కడే క్లిప్పు గట్టిగా నొక్కాను. వదులుగా ఉంటే గొట్టం చల్లదనం అందక, మంచు మిగిలుండగానే విడిపోతుంది. అతుకులకి మామూలు టేపు వేయలేదు, ఆ తడిలో నిలవదు. టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, కొసలు పైకి చూసేలా కట్టాను. పలక మూసే ముందు అడుగు తొట్టెలో గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు పోస్తే వెనక ట్రేలోకి ధారగా వచ్చాయి.

గురువారం

రాత్రంతా నడిచాక మళ్లీ టైమర్ తిప్పి, ఇల్లంతా ఆపించి మీటర్ చూశాను. నిమిషానికి ఎనిమిది పల్సులు. ఫ్రీజర్ వెనక చిటపటలు, తర్వాత ట్రేలో నీటి చుక్కలు. చూడాల్సింది ఆ తర్వాత జరిగే వరస. ముందు పల్సులు ఆగాలి, అంటే బైమెటల్ విడిపోయింది. ఆ తర్వాత టైమర్ టక్‌మని కంప్రెసర్ మొదలవ్వాలి. మా దాంట్లో అలాగే జరిగింది. పల్సులు ఆగకముందే టైమర్ మారిపోతుంటే మంచు పూర్తిగా కరగట్లేదని అర్థం.

దీనికి వోల్టేజీ కూడా కారణం కావచ్చు. సాయంత్రాలు 180కి పడిపోతే 150 వాట్ల హీటర్ ఇచ్చేది తొంభై చిల్లరే. వానాకాలంలో గాలి తేమ, తలుపు తరచూ తీయడం, తక్కువ వోల్టేజీ మూడూ కలిస్తే వస్తువులన్నీ బాగున్నా కొంచెం కొంచెం మిగిలి పేరుకుంటుంది. అందుకే స్టెబిలైజర్ మళ్లీ తగిలించమన్నాను.

బోర్డు ఉన్న ఫ్రిజ్ అయితే టైమర్ బదులు బోర్డు, బైమెటల్ బదులు థర్మిస్టర్ ఉంటాయి. థర్మిస్టర్ కలవడం, విడిపోవడం ఉండదు, చల్లబడే కొద్దీ ఓములు పెరుగుతాయి. దానికి ఉప్పు అక్కర్లేదు, ఉత్త ఐస్ నీళ్లు చాలు: గదిలో చూపించినదానికి దాదాపు మూడు రెట్లు చూపించాలి. అసలు మారకపోయినా, మీటర్ ఏమీ చూపించకపోయినా అది పోయినట్టే.

తర్వాతి ఆదివారం

పలక పొడిగా ఉంది. కింది అరలో నీళ్ల గ్లాసులో ఉంచిన థర్మామీటర్ ఐదు డిగ్రీలు చూపిస్తోంది. ఫ్యాన్ రెక్క చప్పుడు లేదు. టైమర్‌ని ఈసారి నేను ముట్టుకోలేదు. దానంతట అది మారినప్పుడు పల్సులు, టక్ అదే వరసలో వస్తున్నాయో లేదో ఒక మధ్యాహ్నం కూర్చుని చూడాల్సి ఉంది.