తమ్ముడికి ఐపీఎస్ మానిటరే ఎందుకు కొన్నామంటే

షాపులో వీఏ, ఐపీఎస్ అనే రెండు రకాల తెరలున్న మానిటర్లు పక్కపక్కన పెట్టించి, తమ్ముడు తీసిన పెళ్లి ఫొటో ఒకటే రెండిట్లోనూ తెరిచాం. వీఏలో నలుపు చిక్కగా ఉంది, దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగులో ఉండే తేడా, మామూలుగా 3000:1 ఉంటుంది, మామూలు ఐపీఎస్‌ది 1000:1, సినిమాలకైతే వీఏనే బాగుంటుంది. కానీ అదే వీఏలో పెళ్లికొడుకు నల్లకోటు మీది మడతలు ఎదురుగా చూస్తే నలుపులో కలిసిపోతున్నాయి, తల కాస్త పక్కకి జరిపితే తేలుతున్నాయి. అలాంటి స్క్రీన్ మీద ఫొటో ఎడిట్ చేస్తూ నీడల్లో వెలుగు ఎంత పెంచాలో వాడెలా తేల్చుకుంటాడు? ఓఎల్ఈడీ అనే మూడో రకం తెరలో ఆ ఇబ్బంది లేదు, నలుపు నిజంగా నలుపే, కానీ ఎడిటింగ్ టూల్‌బార్లు రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే వాటి అచ్చు తెర మీద ఉండిపోతుందని టెన్షన్, పైగా చదువుకునే కుర్రాడికి ఆ ధర భారం. అందుకే ఐపీఎస్ తీసుకున్నాం. దాంతో రాత్రిపూట సినిమాల్లో నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది, నిజమే. గది మొత్తం చీకటి చేయకుండా మానిటర్ వెనక చిన్న తెల్లలైటు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటోంది.