ఎన్ఏడీ దాటేశాను

మైకులో "ఎన్ఏడీ దాటేశాను రా" అన్నాను, నోటితో కుక్కర్ విజిల్ వేశాను. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

వారం క్రితం విశాఖ బీచ్ రోడ్డులో టీ తాగుతూ ఇదే మాటకు నలుగురం పొట్టలు పట్టుకున్నాం. ఈ రోజు మావాడి రిసెప్షన్. సగం హాలు విజయవాడ నుంచి వచ్చిన పెళ్లికూతురి వాళ్లు.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. వాడు గాజువాకలో ఉంటాడని, ఫోన్లో ఎప్పుడూ ఎన్ఏడీ జంక్షన్ దాటేశానంటాడని, అప్పుడు వెనకాల వాళ్లింటి కుక్కరే కూస్తుంటుందని మా నలుగురికీ పదేళ్లుగా తెలుసు. అంటే జోకులో ముప్పావు భాగం మా బుర్రల్లోనే ఉంది. నేను చెప్పింది చివరి ముక్క మాత్రమే. ఎన్ఏడీ అంటే ఏమిటో తెలియని వాళ్లకి ఆ విజిల్ ఉత్త చప్పుడే.

తర్వాత వివరించబోయాను, అది ఇంకా తప్పు. ముందే "మావాడిల్లు గాజువాక, ఇంట్లోంచి కదలకుండానే సగం దారి వచ్చేశానంటాడు" అని ఒక్క వాక్యం వేసుంటే కొందరైనా నవ్వేవారేమో.

కానీ అందరూ కాదు. టీ కొట్టు దగ్గర ముందు నవ్వింది వాడే, అందుకే మేమూ నవ్వగలిగాం. ఇక్కడ నా వివరణ విని వాళ్ల మామగారు కొత్త అల్లుడి వైపు తిరిగి చూశారు. ఆయనకు వినిపించింది జోకు కాదు, అల్లుడు అబద్ధాలాడతాడని.

వాడు స్టేజీ మీద తల దించుకున్నాడు. రేపు పొద్దున్నే వెళ్లి కలవాలి.