రెగ్యులర్ ప్లాన్‌లో నా డబ్బు ఎంత పోయిందో లెక్కేసి చూశాను

మ్యూచువల్ ఫండ్‌ని ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌లో, కమీషన్ ఖర్చు కింద ఏడాదికి ఒక శాతం దాకా పోతుందని వింటూనే ఉంటాం. నా డబ్బులో అది ఎన్ని రూపాయలో తెలుసుకోవాలనిపించింది. నాకున్నది ఒక ఫ్లెక్సీ క్యాప్ ఫండ్, లాభాలు పంచకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్. 2019 జూన్‌లో 2 లక్షలు, 2022 జూన్‌లో ఇంకో లక్ష, రెండుసార్లూ ఏజెంటు ద్వారానే పెట్టాను.

ఈ ఖర్చు మన ఖాతాలో విడిగా ఎక్కడా కోత పడదు. ఫండ్ సంస్థ రోజూ కాస్త కాస్త తీసేసుకున్నాకే ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర ప్రకటిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే అదే ఫండ్‌ని ఏజెంటు లేకుండా కొనే డైరెక్ట్ ప్లాన్ ఎన్‌ఏవీ పక్కన పెట్టి చూడాలి. రెండింటి వెనకా ఉన్న షేర్లు ఒకటే కాబట్టి తేడా అంతా ఖర్చుదే.

ముందు ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ సైట్ నుంచి డీటెయిల్డ్ స్టేట్‌మెంట్ మెయిల్‌కి తెప్పించుకున్నాను. సమ్మరీ తీసుకుంటే కొన్న తేదీలు ఉండవు, పనికిరాదు. బ్యాంకులో డబ్బు కట్ అయిన రోజు వేరు, ఎన్‌ఏవీ పడిన రోజు వేరు కావచ్చు. అందుకే స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీలే తీసుకుని, ఆ రోజుల డైరెక్ట్ ఎన్‌ఏవీ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ సైట్‌లో వెతికాను. అక్కడ పేర్లు చూసుకోవాలి. పొరపాటున లాభాలు మధ్యమధ్యలో పంచే ఐడీసీడబ్ల్యూ ఆప్షన్ ఎంచుకుంటే, పంచిన డబ్బు మేరకు దాని ఎన్‌ఏవీ తగ్గి ఉంటుంది, లెక్కంతా తప్పుతుంది.

ఎక్సెల్‌లో ఒక్కో కొనుగోలుకి ఒక వరుస. సి గడిలో నా యూనిట్లు, డి గడిలో ఆ రోజు రెగ్యులర్ ఎన్‌ఏవీ, ఇ గడిలో డైరెక్ట్ ఎన్‌ఏవీ. అదే డబ్బుకి డైరెక్ట్‌లో ఎన్ని యూనిట్లు వచ్చేవో ఇది చెబుతుంది:

```
=C2*D2/E2
```

ఎన్‌ఏవీల్లో పైసల్ని కాస్త సవరించి రాస్తున్నాను. 2019లో రెగ్యులర్ 40, డైరెక్ట్ 42.80. నా 5,000 యూనిట్లకు బదులు 4,672.9 వచ్చేవి. 2022లో 62.50, 68.75. స్టాంప్ డ్యూటీ పోగా నాకు వచ్చిన 1,599.92కి బదులు 1,454.47. 2025 జూన్‌లో రెగ్యులర్ 98, డైరెక్ట్ 110.84. నా దగ్గరున్న విలువ రూ.6,46,792. డైరెక్ట్‌లో అయితే రూ.6,79,158 ఉండేది. తేడా రూ.32,366.

మా ఆఫీసులో ఒకాయన దీన్ని ఇంకోలా చేస్తాడు. ఇవాళ్టి రెండు ఎన్‌ఏవీల తేడాని తన యూనిట్లతో గుణించేస్తాడు. ఆ లెక్కన నాకు రూ.84,743 నష్టం. కానీ డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరిలోనే మొదలయ్యాయి. నేను కొనేనాటికే వాటి ఎన్‌ఏవీ పైకి పోయింది, ఆ ధరకి నాకూ యూనిట్లు తక్కువే వచ్చేవి. నేను రాకముందు పోయిన దాన్ని నా ఖాతాలో రాసుకోవడం ఎందుకు?

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. డైరెక్ట్ ఎన్‌ఏవీని రెగ్యులర్‌తో భాగిస్తే 2019లో 1.07, ఇప్పుడు 1.131. మార్కెట్ లేచినా పడినా రెండూ కలిసే కదులుతాయి కాబట్టి ఈ నిష్పత్తిలో ఖర్చు తేడా ఒక్కటే మిగులుతుంది. ఆరేళ్లలో ఆ పెరుగుదల సగటున ఏడాదికి 0.93 శాతం. ఫండ్ సైట్‌లో ఇవాళ కనిపించే రెండు ఎక్స్‌పెన్స్ రేషియోల, అంటే ఏడాది ఖర్చు శాతాల తేడా దీనికి అచ్చంగా సరిపోకపోవచ్చు. ఫండ్ పెద్దదయ్యేకొద్దీ సెబీ పెట్టిన ఖర్చు పరిమితుల స్లాబుల వల్ల ఆ రేషియో మారుతూ వస్తుంది. నాకైతే ఎన్‌ఏవీ చెప్పిందే నమ్మకం. రెండింటికీ మరీ ఎక్కువ తేడా వస్తే మాత్రం తేదీనో ఆప్షన్‌నో తప్పు తీసుకున్నామని అర్థం.

32 వేలు ఊరికే పోయాయా అంటే, అలా అనలేను. 2020 మార్చిలో అమ్మేస్తానని ఫోన్ చేస్తే, “కొన్నాళ్లు ఆ యాప్ తెరవకండి సార్” అని ఆపింది మా ఏజెంటే. ఇకముందు ఏటా రూ.6,000 చొప్పున, అదీ పెరుగుతూ, ఇస్తూ పోవాలా అన్నదే ప్రశ్న.

డైరెక్ట్‌కి స్విచ్ చేయడమంటే పన్ను లెక్కల్లో అమ్మడమే. ఒకేసారి మారిస్తే లాభం రూ.3,46,792. అందులో ఏడాది మినహాయింపు 1.25 లక్షలు పోగా, మిగిలిన దానిపై 12.5 శాతం, పైన సెస్సు, అంతా కలిపి దాదాపు రూ.28,800. ఎప్పటికైనా కొంత కట్టాల్సిందే అయినా, మినహాయింపుని ఏటా వాడుకుంటే బాగా తగ్గుతుంది. మొదట కొన్నవే మొదట అమ్మినట్టు లెక్క కాబట్టి యూనిట్‌కి లాభం 58. ఏడాది దాటినందున, త్వరగా అమ్మితే పడే ఎగ్జిట్ లోడ్ లేదు. ఈ ఏడాది వేరే లాభాలేవీ లేవని చూసుకుని 2,150 యూనిట్లు మార్చాను. మిగతావి 2026 ఏప్రిల్ నుంచి, అప్పటి ఎన్‌ఏవీతో మళ్లీ లెక్కేసి.